రెండోసారి పోయిన నాన్న

మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "మా నాన్న పోయాడు. శుక్రవారం దాకా రాలేను, సారీ." పంపింది మా షిఫ్టులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడు. నేను న్యూజిలాండ్‌లో, తౌరంగ దగ్గర ఒక కివీ పండ్ల ప్యాక్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. అది మే నెల, కోతలు ముమ్మరంగా ఉన్న సమయం. ఒక్క ఫోర్క్‌లిఫ్ట్ ఆగితే ప్యాలెట్లు పేరుకుపోయి వెనక లైనంతా ఆగిపోతుంది. ఆ టెన్షన్ ఒకటి. అంతకన్నా ఇబ్బంది పెట్టిన విషయం ఇంకొకటి ఉంది. అంతకు ముందు సెప్టెంబర్‌లోనే వాళ్ల నాన్న పోయాడు. మూడు రోజుల సెలవు పాస్ చేసింది నేనే.

నిజం చెప్పాలంటే అబద్ధమాడుతున్నాడనుకున్నాను. మంచి పనివాడు, ఏడాది పొడుగునా ఉండే పర్మనెంట్ ఉద్యోగి, ఇలా ఎందుకు చేస్తాడని బాధ కూడా వేసింది. "మీ నాన్నగారు అప్పుడే పోయారు కదా?" అని తిరిగి రాశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసే మెసేజ్ అది. కాసేపటికి జవాబు వచ్చింది. "అవును. ఆయన నన్ను కన్న నాన్న. ఈయన నన్ను పెంచిన నాన్న."

ఆఫీసు ఫారంలో 'చనిపోయిన వ్యక్తితో సంబంధం' అని ఒక గడి ఉంటుంది. హెచ్‌ఆర్ అమ్మాయికి ఫోన్ చేస్తే, "దత్తత కాగితాలు ఉన్నాయేమో అడగండి, లేకపోతే అంకుల్ అని రాయండి, ఒక్కరోజే వస్తుంది" అంది. ఇక్కడి సెలవుల చట్టం 2003 నాటిది. దాని ప్రకారం అమ్మానాన్నలు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు, తాతయ్య అమ్మమ్మలు, మనవలు, అత్తమామలు పోతే మూడు రోజుల సెలవు. మిగతా ఎవరు పోయినా, యజమాని ఒప్పుకుంటే ఒక రోజు.

అంకుల్ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. 2021లో తెనాలిలో మా పిన్ని కోవిడ్‌తో పోయింది. అమ్మ టీచరుగా వేరే ఊళ్లో ఉండటంతో మూడో క్లాసు నుంచి ఇంటర్ దాకా నేను పిన్ని దగ్గరే పెరిగాను. ఇక్కడి సరిహద్దులు మూసేసి ఉన్నాయి, వెళ్లే దారి లేదు. అప్పుడు ఆక్లాండ్‌లో వేరే చోట పనిచేసేదాన్ని. ఇలాంటి ఫారంలోనే 'ఆంట్' అని నా చేతులతో రాశాను. ఒక రోజు ఇచ్చారు. అడిగి ఇంకో రోజు తీసుకోవచ్చని కూడా తోచలేదు. ఆంట్ అంటే ఒక రోజే కాబోలు అనుకున్నాను.

గ్రేడింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఒక పెద్దావిడ ఉంది, ఈ దేశపు మూలవాసులైన మావొరి మనిషి. అందరూ ఆమెను 'ఫయెయా' అంటారు. మావొరిలో ఆ మాటకు అమ్మ అనీ, అమ్మ వయసు ఆడవాళ్లందరూ అనీ అర్థం. టీ బ్రేక్‌లో ఆమెకు ఈ సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "గురువారం మధ్యాహ్నం మేం ఏడుగురం వ్యానులో వెళ్తున్నాం. నువ్వూ రా. నల్లటి పొడుగు స్కర్ట్ ఉందా?" అంది. శుక్రవారం నాకు వీక్లీ ఆఫ్. సరే అన్నాను.

మావొరిలో అంత్యక్రియలను 'తంగిహంగ' అంటారు, మాటల్లో 'తంగి' చాలు. తంగి అంటే ఏడవడం. చనిపోయిన మనిషిని వాళ్ల 'మరాయె'కు తీసుకెళ్తారు. మరాయె అంటే ఆ వంశం వాళ్లందరిదీ అయిన స్థలం. ముందు ఖాళీ ఆవరణ, దాని వెనక చెక్కడాలున్న పెద్ద సమావేశపు ఇల్లు, పక్కన వంటశాల, భోజనాల హాలు ఉంటాయి. సాధారణంగా మూడు రోజులు శరీరాన్ని అక్కడే ఉంచుతారు, నిమిషం కూడా ఒంటరిగా వదలరు. దేశం నలుమూలల నుంచి జనం బృందాలుగా వస్తుంటారు.

వ్యానులో రెండు పనులు జరిగాయి. ఒక కవరు చుట్టూ తిరిగింది. పదో ఇరవయ్యో డాలర్లు ఎవరికి తోచింది వాళ్లు వేశారు. దాన్ని 'కోహ' అంటారు. తర్వాత నాలుగు లైన్ల చిన్న పాట ప్రాక్టీసు చేశాం. అక్కడ మా తరఫున ఒకరు మాట్లాడాక మేమందరం నిలబడి పాడాలట, మాట్లాడిన మనిషిని ఒంటరిగా వదలకూడదట. నాకు పాట రాదని మొత్తుకుంటే, "పెదవులు కదుపు చాలు" అంది ఫయెయా.

గేటు దగ్గర ఆగాం. ఎవరికి వాళ్లు లోపలికి నడిచి వెళ్లడం అక్కడ కుదరదు. మాకన్నా ముందు వచ్చిన ఎవరో ఐదారుగురు నిలబడి ఉంటే మేమూ వాళ్లతో కలిసిపోయాం. ఆడవాళ్లం ముందు, మగవాళ్లు వెనక. లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతు సన్నగా, పొడుగ్గా లేచింది. దాన్ని 'కరంగ' అంటారు, పిలుపు. మా వైపు నుంచి ఫయెయా అదే తీరులో బదులిచ్చింది. రోజూ నా పక్కన నిలబడి పండ్లు ఏరే మనిషిలో అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పిలుపుల మధ్య నెమ్మదిగా నడిచాం, సగం దూరంలో ఆగి తల వంచి నిలబడ్డాం. మనం వచ్చేటప్పుడు మనవైపు పోయినవాళ్లు కూడా వెంట వస్తారని, వాళ్ల కోసం అక్కడ ఆగుతామని ఆమె తర్వాత చెప్పింది. ఆ నిమిషంలో నాకు మా పిన్ని గుర్తుకొచ్చింది. ఎందుకాగామో ముందే తెలిసుంటే బాగుండేది.

ఆ మరాయెలో శవపేటికను పెద్ద ఇంటి లోపలే పెట్టారు, మూత తీసే ఉంది. చుట్టూ ఫొటోలు, పోయిన తాతముత్తాతలవి. పేటికకు రెండు వైపులా పరుపుల మీద నల్లబట్టల్లో కూర్చున్నవాళ్లను 'ఫానౌ పని' అంటారు. మన పని కాదు, అక్కడ ఆ మాటకు దిక్కు కోల్పోయినవాళ్లు, ఆప్తుణ్ణి పోగొట్టుకున్నవాళ్లు అని అర్థం. నిజానికి ఆ మూడు రోజులూ వాళ్లు ఏ పనీ చేయకూడదు. వండకూడదు, వచ్చినవాళ్లకు మర్యాదలు చేయకూడదు. ఏడవడం, పోయినవాళ్ల దగ్గర కూర్చోవడం, అంతే.

మా కుర్రాడు పేటిక తల దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి కళ్లతోనే పలకరించాడు. అతని పక్కన ఒక తెల్లాయన, డెబ్బై ఏళ్లుంటాయి, బుగ్గల మీద కన్నీళ్లు తుడుచుకోకుండా కూర్చుని ఉన్నాడు.

ఉపన్యాసాలన్నీ మావొరిలోనే. మాట్లాడేవాళ్లు ముందు చనిపోయిన మనిషితోనే నేరుగా మాట్లాడతారు, "వెళ్లు, వెళ్లు, వెళ్లు" అని. మా వైపు పెద్దాయన మాట్లాడాక పాడాం. నేను పెదవులు కదిపాను. ఆయన కవరును నేల మీద పెట్టాడు, వాళ్ల వైపు మనిషి వచ్చి తీసుకున్నాడు. తర్వాత వరుసలో అందరితో 'హొంగి', అంటే ముక్కూ నుదురూ తాకించి ఒకే ఊపిరి పంచుకోవడం. నలభై మందితో అలా చేసేసరికి ఎవరు ఎవరి బంధువో అడగాలన్న ఆలోచనే పోయింది.

అక్కడి నుంచి భోజనాల హాలుకు. అది తినకపోతే రావడం పూర్తయినట్టు కాదు, తిండితోనే మనం మళ్లీ మామూలు మనుషులమవుతాం. నాకు మింగుడు పడలేదు. మా తెనాలి వైపు ఇంట్లో శవం ఉంటే పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్లు తెచ్చి పెట్టాలి. ఇక్కడ పదడుగుల అవతల వంటశాలలో మూడు వందల మందికి పంది మాంసం, ఆలుగడ్డలు, గుమ్మడికాయ, వేయించిన రొట్టె ఉడుకుతూ వేగుతూ ఉన్నాయి. తర్వాత ఆలోచిస్తే రెండూ ఒకటేననిపించింది. పోగొట్టుకున్నవాళ్లు వండకూడదు, ఇంకెవరో వండాలి. అయితే ఆ ఇంకెవరో ఎవరు? ఆ రోజు నాకు అసలు పాఠం అక్కడే దొరికింది.

మిగతావాళ్లు వ్యానులో వెళ్లిపోయారు. ఫయెయా ఆ రాత్రి ఉండిపోతానంది. "నువ్వూ ఉండు, ఈ రాత్రే అసలైంది" అని నన్ను వంటశాలలోకి లాక్కెళ్లింది. వంటశాలలో పనిచేసేవాళ్లను 'రింగవెర' అంటారు, వేడి చేతులవాళ్లని అర్థం. నాకో చిన్న కత్తి, ఓ బస్తా ఆలుగడ్డలు ఇచ్చారు. మొదటి పది నిమిషాల్లోనే రెండు తప్పులు చేశాను. చెయ్యి తుడుచుకోవడానికి గిన్నెలు తుడిచే గుడ్డ తీసుకున్నాను, తర్వాత అలసటగా బల్ల అంచు మీద ఆనుకుని కూర్చున్నాను. ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి "లే, లే!" అన్నారు. తిండి పెట్టే చోట ఒళ్లు ఆనకూడదు. ఆ గుడ్డల్ని కూడా ఒంటి బట్టలతో కలిపి ఉతకరట. మా అమ్మమ్మ మడి గుర్తొచ్చి, ఇదేం నాకు కొత్త కాదులే అనుకున్నాను.

తొక్క తీస్తూ అడిగాను, ఈ పోయినాయన మా కుర్రాడికి ఏమవుతాడని. అసలు లెక్క ఇది. కుర్రాడి నాన్నకు అమ్మ ఉంది కదా, ఆవిడ సొంత చెల్లెలి కొడుకు ఈయన. కుర్రాడికి నాలుగేళ్లప్పుడు కన్నవాళ్లకు పని దొరికి వేరే ఊరు వెళ్తుంటే, ఈయనా ఈయన భార్యా అతన్ని తమ దగ్గర ఉంచుకుని పెంచారు. అలా పెంచడాన్ని 'ఫాంగై' అంటారు, తినిపించడం, పోషించడం అని అర్థం. కోర్టు ఉండదు, కాగితం ఉండదు. మన దత్తతలా ఇంటిపేరూ గోత్రమూ మారవు. కన్నవాళ్లు ఎవరో పిల్లాడికి మొదటి నుంచీ తెలుసు, వస్తూ పోతూ ఉంటారు. నాన్నలు ఇద్దరవుతారు, ఒకరు పోయి ఇంకొకరు రారు.

నేను చేతిలో ఆలుగడ్డ పట్టుకుని లెక్క వేశాను. నాయనమ్మ చెల్లెలి కొడుకు. అంటే నాన్నకు పిన్ని కొడుకు, తమ్ముడు. అంటే నాకైతే చిన్నాన్న! 'చిన్న నాన్న' అని మాటలోనే నాన్న ఉంది. మనం కూడా నాన్న అన్నదమ్ముల్ని నాన్నలనే, అమ్మ అక్కచెల్లెళ్లను అమ్మలనే అంటాం. పరాయి భాషలో నింపే ఫారాల దగ్గరే అంకుల్, ఆంటీ అని కోసి పారేస్తాం. ఆ కుర్రాడు కోయలేదు, అంతే తేడా. ఇది చెప్పగానే వంటశాలలో అందరూ నన్ను కొత్తగా చూశారు. "అయితే మీకూ ఉందన్నమాట!" అంది ఒకామె.

కానీ ఆ సంతోషం ఐదు నిమిషాలే. వాళ్ల వరసలు మన కన్నా ఇంకా బారుగా సాగుతాయి. నాన్న వైపైనా అమ్మ వైపైనా, అమ్మ అన్నదమ్ములతో సహా, ఆ తరం మగవాళ్లందరూ 'మతువా'లే, అంటే తండ్రులు. మేనమామ కూడా. అందుకని మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు కూడా తోబుట్టువులే. ఆడపిల్లకు అన్నదమ్ముల వరస అయినవాణ్ణి 'తుంగానె' అంటారు, సొంత అన్నయ్యకూ మేనమామ కొడుక్కీ అదే మాట. నేను మాట ఆపుకోలేక, మా అమ్మానాన్నలది మేనరికమని, నాన్న అమ్మకు మేనబావ అని చెప్పేశాను. కాసేపు కత్తుల చప్పుడు ఆగిపోయింది. "అంటే... మీ అమ్మ తన తుంగానెను చేసుకుందా?" అంది ఒకామె గుసగుసగా. లేదు లేదు, మాకు అది అన్న వరస కాదు, బావ వరస, వేరే వరస అని పది నిమిషాలు బల్ల మీద ఆలుగడ్డలు పేర్చి వంశవృక్షం గీసి చూపించాను. చివరికి ఒక ముసలావిడ పెద్దగా నవ్వేసి, "మీ ఊళ్లో బంధువులు తక్కువ ఖర్చవుతారు" అంది. ఆ రాత్రంతా నాకు అదే పేరైపోయింది, ఆలుగడ్డలు పేర్చిన అమ్మాయి.

ఇంతవరకూ రక్తం లెక్కే. అసలు మాట 'ఫానౌ' గురించి ఫయెయా చెప్పింది, గుమ్మడికాయ కోస్తూ. ఇంగ్లిష్ అక్షరాల్లో డబ్ల్యూ, హెచ్‌తో రాస్తారు గానీ పలికేది మన 'ఫ'లాగే, తర్వాత 'ఆ' దీర్ఘం. దానికి కుటుంబం అనే అర్థం ఒకటి, పుట్టడం, కనడం అనే అర్థం ఇంకొకటి. అంతకన్నా పెద్ద సమూహం 'హపూ', ఆ మాటకు గర్భవతి అనే అర్థం కూడా ఉంది. నేలను 'ఫెనువా' అంటారు, బిడ్డ వెంట వచ్చే మాయను కూడా ఫెనువా అనే అంటారు. బిడ్డ పుట్టాక మాయను తమ నేలలో పాతిపెడతారు. బొడ్డు కోసిన ఊరు అని మనం అనే మాట నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. పుట్టుక నుంచి వచ్చిన మాట కాబట్టి ఫానౌ అంటే ముందు పుట్టుకతో కలిసినవాళ్లే. ఒకే ముత్తాతకో ముత్తవ్వకో పుట్టినవాళ్లు, మూడు నాలుగు తరాల జనం. భార్యాభర్తా ఇద్దరు పిల్లలూ ఉన్న ఇల్లు అందులో ఒక ముక్క మాత్రమే.

"మరి ఆ తెల్లాయన?" అని అడిగాను.

పోయినాయనా ఆయనా మాంసం ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పక్కపక్కన కత్తి పట్టినవాళ్లట. భార్య పోయాక ప్రతి ఆదివారం ఈ ఇంట్లోనే తిన్నాడట. ఈ ఇంటి పిల్లల పెళ్లిళ్లకు కుర్చీలు మోశాడు, ఎవరైనా పోతే గుంత తవ్వాడు. ఎవరో ఒకరు వచ్చి "నువ్వు ఇక్కడ కూర్చో" అని పేటిక పక్కన చోటు చూపించారు, ఆయన కూర్చున్నాడు. అంతకు మించి ఏ తంతూ జరగలేదు.

ఫయెయా అప్పుడు రెండు మాటలు చెప్పింది. వంశంతో వచ్చేది 'ఫకపప ఫానౌ'. ఫకపప అంటే తరాల వరస, ఒకదాని మీద ఒకటి పొరలుగా పేర్చడం. రెండోది 'కౌపప ఫానౌ'. కౌపప అంటే ఒక పని, ఒక ఉద్దేశం. ఒకే పని కోసం కలిసి ఏళ్ల తరబడి నిలబడినవాళ్లు ఆ పని ద్వారా ఫానౌ అవుతారు. ఆవిడకు సొంత ఉదాహరణే ఉంది. మావొరి భాష పిల్లల నోట ఆగిపోతోందని 1982లో 'కొహంగ రెయో' బడులు మొదలయ్యాయి. భాష గూడు అని ఆ మాటకు అర్థం. ఆవిడ తన పెద్దకూతుర్ని అలాంటి గూట్లో వేసింది. టీచర్లు, తల్లిదండ్రులు, పిల్లలు, ముసలివాళ్లు కలిసి నడుపుకునేవారు, ఆ మొత్తాన్ని ఆ గూటి ఫానౌ అనేవారు. తుడవడం, వండటం, లెక్కలు రాయడం, చందాలు వసూలు చేయడం, అన్నీ వాళ్లే. ఆ పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. "వాళ్లలో ఎవరు పోయినా నేను వంటశాలలో ఉంటాను. నేను పోయినా వాళ్లు ఉంటారు" అంది.

అంటే ఎవరైనా ఫానౌ కావచ్చా అని అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. ఈ మధ్య ఆఫీసు ఈమెయిళ్లన్నీ "కియా ఓరా ఫానౌ" అని మొదలవుతున్నాయి, మా ప్యాక్‌హౌస్ నోటీసు బోర్డు మీద కూడా 'మనమంతా ఒకే ఫానౌ' అని ఉంది. "సీజన్ అయిపోగానే మూడొంతుల మందిని ఇంటికి పంపేది కూడా ఈ ఫానౌనే కదా" అని నవ్వింది. పిలిచినంత మాత్రాన కాదట. పిలిచినప్పుడు వచ్చామా, గిన్నెలు కడిగామా అన్నదే లెక్కట.

ఇంకో హద్దు నేను కళ్లారా చూశాను. రాత్రి తొమ్మిదింటికి పెద్ద ఇంటి వెనక గదిలో ఏడెనిమిది మంది గట్టిగా వాదించుకున్నారు. పోయినాయన తల్లి వైపు వాళ్లు తమ ఊరి శ్మశానానికి తీసుకెళ్తామంటున్నారు. ఇక్కడివాళ్లు వదిలేది లేదంటున్నారు. ఇలా లాగడం అవమానం కాదు, పోయిన మనిషికి గౌరవమేనట. ఎవరూ అడగకపోతేనే చిన్నతనమట. ఆ గదిలో ఫకపప ఉన్నవాళ్లే కూర్చున్నారు. మా కుర్రాడు ఉన్నాడు. తెల్లాయన లేడు, ఆయన వంటశాలలో ప్లేట్లు తుడుస్తున్నాడు. "అది వాళ్ల మాట, నాది కాదు" అన్నాడు మామూలుగా.

ఇది ఎప్పుడూ ఇంత సాఫీగా తెగదు. ఫయెయా చెప్పిన కేసు ఈ దేశంలో చాలామందికి తెలిసిందే. తూహొయె తెగకు చెందిన ఒకాయన సొంతూరికి దూరంగా క్రైస్ట్‌చర్చ్‌లో తన సహచరితో, పిల్లలతో ఇరవై ఏళ్లు బతికి 2007లో పోయాడు. సొంతూరి బంధువులు వచ్చి శరీరాన్ని తీసుకెళ్లి ఒపోతికి దగ్గరి తమ శ్మశానంలో పూడ్చారు. సహచరి కోర్టుకు వెళ్లింది. 2012లో సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పు చెప్పింది. వీలునామా అమలు చూసే మనిషిదే, అంటే ఆమెదే, చివరి మాట, అయితే మావొరి ఆచారాన్నీ బంధువుల మాటనూ ఆ మనిషి లెక్కలోకి తీసుకోవాలి అని. ఇరవై ఏళ్ల సహచరి ఫానౌ కాదా? పుట్టిన నేల మనుషులు కాదా? ఇద్దరూ అవునన్నదే అక్కడి చిక్కు. మాట సాగుతుంది గానీ, లోపలున్న అందరికీ ఒకే అధికారం ఇవ్వదు.

ఆ రాత్రి పెద్ద ఇంట్లో వరసగా పరుపులు వేశారు. పేటిక ఉన్న గదిలోనే అందరూ పడుకుంటారు. నాకు గుండె దడదడలాడింది, చిన్నప్పటి నుంచి విన్నవన్నీ గుర్తొచ్చాయి. ఆ ఇల్లే ఒక పూర్వీకుడి శరీరమట. నడిదూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు, మేం పడుకున్నది ఆయన పొట్టలో. ఏడుపుల రాత్రి అనుకుంటే, అది నవ్వుల రాత్రి. పోయినాయన చేపలు పట్టడం గురించి చెప్పిన అబద్ధాలు, పాడిన పాటలు, పిసినారితనం ఒక్కొక్కరు లేచి చెప్పారు. తెల్లాయన కూడా చెప్పాడు, ఇంగ్లిష్‌లో. ఒంటిగంట దాకా విని ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. నా మీద ఎవరో దుప్పటి కప్పారు.

శుక్రవారం ఉదయం పేటిక మూశారు. ఆ ఏడుపు గురించి రాయలేను. కొండ మీది 'ఉరుపా'లో పూడ్చారు, అంటే శ్మశానంలో. మట్టి వేసింది మగపిల్లలే, యంత్రం లేదు. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర నీళ్లు, అందరం చేతులు కడుక్కుని తల మీద చల్లుకున్నాం. ఇది కూడా నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

సోమవారం పనిలోకి రాగానే ఆ ఫారం నా టేబుల్ మీదే ఉంది. ఈసారి చట్టం పాఠం తెరిచి చదివాను. పేర్కొన్న బంధువులు కాని వాళ్ల విషయంలో యజమాని మూడు సంగతులు చూడాలి. పోయినవాళ్లతో దగ్గరితనం ఎంత, కర్మకాండల ఏర్పాట్లలో ఈ ఉద్యోగి బాధ్యత ఎంత, సంస్కృతి పరంగా అతని మీద పడే బాధ్యతలేమిటి. అంటే నేను అడగాల్సింది 'ఏమవుతాడు' అని కాదు, ఈ మూడు. కానీ వాటికి వచ్చేది ఒక్క రోజే. మూడు రోజులు రావాలంటే 'తల్లి లేక తండ్రి' అన్న చోటే ఆయన్ని చూపించాలి. ఒక పేజీ రాశాను. నాలుగేళ్ల వయసు నుంచి పెంచాడు, ఫాంగై తండ్రి, పేటిక పక్కన మూడు రోజులూ కూర్చోవాల్సింది ఇతనే, ఎక్కడ పూడ్చాలన్న చర్చలో కొడుకుగా కూర్చున్నాడు, నేను చూశాను. హెచ్‌ఆర్ అమ్మాయి మేనేజర్‌కు పంపింది. ఆయన రెండు రోజులు నానబెట్టి మూడు రోజులూ ఇచ్చాడు, "ఇది అందరికీ రూలు కాదు" అని కింద ఒక లైను చేర్చి. ఆ లైను నాకు నచ్చలేదు. వాదించడానికి ఆ వారం ఓపిక లేదు.

కుర్రాడు పనిలోకి వచ్చాక నా మొదటి మెసేజ్‌కు సారీ చెప్పాను. "మీరు గిన్నెలు కడిగారు కదా" అన్నాడు. నేను కడగలేదు, ఆలుగడ్డలు తొక్క తీశానంతే. దిద్దబోయి ఊరుకున్నాను.

ఏడాది తర్వాత సమాధి రాయి మీది ముసుగు తీసే కార్యక్రమం ఉంటుంది, మన సంవత్సరీకంలాగే. మొన్న ఏప్రిల్‌లో వాట్సాప్‌లో ఒక గ్రూపులో నన్ను చేర్చారు. నూట పది మంది, నాకు తెలిసినవాళ్లు ముగ్గురు. పనుల పట్టిక పెట్టారు. శనివారం ఉదయం ఐదున్నర, ఆలుగడ్డలు, ఎదురుగా నా పేరు. పేరులో ఒక అక్షరం తప్పుంది. పక్కనే ఎవరో బ్రాకెట్‌లో రాశారు, "బల్ల మీద కూర్చోనివ్వొద్దు."